గోడలు మింగే వైఫై: రౌటర్ ఎక్కడ పెట్టాలో కొలిచి తేల్చుకోవడం ఎలా

తెనాలిలో మా బాబాయ్ వాళ్లది 1990ల్లో కట్టిన ఇల్లు. రైలుపెట్టెల్లా ముందు హాలు, దాని వెనక నడి గది, ఆ వెనక పడకగది. అప్పట్లో గోడల మీదే స్లాబు నిలబెట్టేవాళ్లు కాబట్టి లోపలి గోడలు కూడా తొమ్మిదంగుళాలే. తర్వాతెప్పుడో హాలు మీద మేడగది వేశారు. నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వీధివైపు నుంచి ఫైబర్ వైరు లాగి, కిటికీ పక్కన బెజ్జం వేసి, రౌటర్‌ని హాల్లో అటక మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ అటక నిండా పిన్ని ఇత్తడి బిందెలు, గుండిగలు.

"ఒరేయ్, ఫోన్ చేస్తే స్పీడు బానే వస్తోందంటారు. నా మంచం దగ్గరికొచ్చి చూడమను" అన్నాడు బాబాయ్. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రౌటర్ దాకా నెట్ బానే వస్తోంది. అక్కణ్ణుంచి మంచం దాకా రావడానికే దారి లేదు. ఇలాంటి ఇంట్లో ఖరీదైన రౌటర్ కొనడానికి ముందు ఏ గోడ ఎంత తింటోందో కొలవాలి. ఆ లెక్క చేతికొస్తే రౌటర్ చోటు దాదాపు అదే తేలుతుంది. మేం చేసిన వరసలోనే చెబుతాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు తప్పు గోడదా, లైనుదా తేల్చండి

ల్యాప్‌టాప్ తీసుకుని రౌటర్ పక్కనే కూర్చోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి. మొదటిది మీ రౌటర్ అడ్రసు. చాలా ఇళ్లలో ఇదే ఉంటుంది, లేకపోతే రౌటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద చూడండి. రెండోది ఇంటి బయట ఉన్న గూగుల్ సర్వర్‌ది. ఒక్కోదాన్నీ ముప్పై సార్లు పలకరించి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపిస్తుంది.

```
ping -n 30 192.168.1.1
ping -n 30 8.8.8.8
```

రౌటర్ పక్కన కూర్చున్నప్పుడు మొదటిదానికి జవాబులు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి, ఒక్కటీ తప్పిపోకూడదు. మొదటిది బాగుండి రెండోది తడబడుతుంటే తప్పు బయటి లైనుది. అప్పుడు రౌటర్‌ని ఇల్లంతా తిప్పినా లాభం లేదు, నెట్ వాళ్లకే ఫోన్ చేయాలి. ఇక్కడ రెండూ బాగున్నాయంటే, ల్యాప్‌టాప్ తీసుకుని నెట్ రాని గదికి వెళ్లి మొదటి కమాండ్ మళ్లీ కొట్టండి. అక్కడ జవాబులు వందల మిల్లీసెకన్లకు పోయినా, మధ్యమధ్యలో `Request timed out` అని పడినా, అది గోడల పనే. బాబాయ్ మంచం మీద ముప్పైలో పదకొండు తప్పిపోయాయి.

సిగ్నల్‌ని గీతల్లో కాదు, అంకెల్లో చూడండి

ఫోన్ మీద కనిపించే మూడు నాలుగు గీతలు నమ్మదగ్గవి కావు. ఒక్కో కంపెనీ వాటిని ఒక్కోలా లెక్కేస్తుంది. మనకు కావలసింది సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అంకె. ఆండ్రాయిడ్ ఫోన్లో WiFi Analyzer లాంటి యాప్ ఏదైనా అది చూపిస్తుంది. ఐఫోన్లో మామూలు యాప్‌లు చూపించవు. ఆపిల్ వాళ్ల AirPort Utility వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద ఉన్న Wi-Fi Scanner ఆన్ చేస్తే కనిపిస్తుంది. విండోస్‌లో `netsh wlan show interfaces` కొడితే `Signal` దగ్గర శాతం వస్తుంది. దాన్ని సగం చేసి అందులోంచి వంద తీసేస్తే సుమారుగా డీబీఎం. 66 శాతం అంటే 33, వంద తీస్తే మైనస్ 67.

ఈ అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది. రౌటర్ పక్కన మైనస్ 30, 35 దాకా కనిపిస్తుంది. వీడియో కాల్ ఆగకుండా నడవాలంటే మైనస్ 67 కంటే కిందికి పోకూడదని ఈ పని చేసేవాళ్లంతా పెట్టుకునే లెక్క. మైనస్ 75 దగ్గర వాట్సాప్ మెసేజీలు వెళతాయి, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. మైనస్ 85 దగ్గర ఫోన్ పట్టుకున్నట్టే కనిపిస్తుంది కానీ పని జరగదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇవి మామూలు అంకెల్లాంటివి కావు. మూడు తగ్గితే సిగ్నల్ బలం సగమైపోయినట్టు, పది తగ్గితే పదో వంతే మిగిలినట్టు, ఇరవై తగ్గితే నూరో వంతు. అందుకే గోడ పన్నెండు తినడానికీ, ఆరు తినడానికీ తేడా చిన్నది కాదు.

కొలిచేటప్పుడు రౌటర్ సెట్టింగ్స్‌లో, అది సిగ్నల్ పంపే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు పెట్టండి, పని అయ్యాక మళ్లీ కలిపేయొచ్చు. రెండిటికీ ఒకటే పేరుంటే ఫోన్ నడుస్తూ నడుస్తూ ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతుంది, మీరు కొలిచినవన్నీ కలగాపులగం అవుతాయి. ఫోన్‌ని ఛాతీ ఎత్తులో పట్టుకుని, రౌటర్‌కి వీపు పెట్టకుండా నిలబడండి. మనిషి ఒళ్లంతా నీరే కాబట్టి మీరే అడ్డం వస్తే నాలుగైదు అంకెలు మీరే తినేస్తారు. ఒక్కో చోట కాస్త ఆగి, రెండడుగులు అటూ ఇటూ జరిగి మూడు సార్లు చూసి మధ్య అంకె రాసుకోండి. జానెడు జరిగితేనే అంకె ఐదారు మారడం మామూలే. గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒక చోట కలుస్తాయి, ఒక చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఒక్కో గోడ ఖరీదు రాసుకోండి

ఈ ఒక్క పని ఒళ్లు దాచుకోకుండా చేస్తే మిగతాదంతా సులువు. రౌటర్‌ని అటకలోంచి దించి, హాలు మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టండి. ముందు మూడు మీటర్ల దూరంలో, మధ్యలో ఏమీ అడ్డం లేకుండా నిలబడి కొలవండి. మాకు 5 గిగాహెర్ట్జ్‌లో మైనస్ 42 వచ్చింది. ఇది మీ మూలం లెక్క. అడ్డం ఏమీ లేకపోతే, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు ఆరు తగ్గుతుంది. అంటే ఆరు మీటర్ల దగ్గర మైనస్ 48, పన్నెండు మీటర్ల దగ్గర మైనస్ 54 రావాలి. పన్నెండు మీటర్లంటే నలభై అడుగులు. మామూలు ఇంట్లో దూరం అసలు సమస్యే కాదని ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు గోడ దగ్గరికి వెళ్లి, ఇవతల ఒక మీటరు దూరంలో ఒకసారి, తలుపు మూసి అవతల ఒక మీటరు దూరంలో ఇంకోసారి కొలవండి. తలుపు తెరిచి కొలిస్తే గోడను కాదు, గుమ్మాన్ని కొలిచినట్టు. హాలుకీ నడి గదికీ మధ్య గోడ ఇవతల మైనస్ 47, అవతల మైనస్ 61 వచ్చింది. రెండు మీటర్ల దూరం తినేది రెండు మూడే కాబట్టి గోడ ఖరీదు పన్నెండు దాకా. అదే గోడ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఏడే తిన్నది.

మీ ఇంట్లో ఎంత రావచ్చో ఒక అంచనా ఇస్తాను, కానీ కొలిచిన అంకె వేరుగా వస్తే దాన్నే నమ్మండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి 5 గిగాహెర్ట్జ్‌లో ఆరేడు తింటుంది. తొమ్మిదంగుళాలదైతే పది నుంచి పదిహేను. ఏఏసీ బ్లాకులు లోపలంతా గాలిబుడగలే కాబట్టి అంత మందం ఉన్న ఇటుక కంటే తక్కువ తింటాయి. చెక్క తలుపు రెండు మూడు. ఇక ఐదారు అంగుళాల కాంక్రీటు స్లాబు ఇరవై దాటుతుంది, ఒక్కోచోట ముప్పై.

కాంక్రీటు ఇంతలా ఎందుకు తింటుందంటే, అది ఇటుక కంటే చిక్కగా ఉంటుంది, లోపల తడి చాలాకాలం నిలుస్తుంది, ఆ మధ్యలో ఇనుము ఉంటుంది. మైక్రోవేవ్‌లో అన్నం వేడెక్కేదీ దాదాపు ఈ వైఫై తరంగాలతోనే. నీరు వాటిని పీల్చి వేడిగా మార్చేస్తుంది. అందుకే కొత్తగా కట్టి క్యూరింగ్ అయిన ఇంట్లో కొలిచిన అంకె, గోడలు బాగా ఆరాక కొలిచినదానికంటే అన్యాయంగా ఉంటుంది. బాత్రూం వైపు చెమ్మ పట్టిన గోడ కూడా అంతే, పక్కనున్న పొడి గోడ కంటే ఎక్కువ తింటుంది.

ఇనుప చువ్వల సంగతి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దాదాపు ఆరు. స్లాబులో చువ్వలు అడ్డం నిలువు కట్టినప్పుడు మధ్యలో ఐదారు అంగుళాల ఖాళీ ఉంటుంది కాబట్టి అదే గట్టి గోడ కాదు, సందుల్లోంచి కొంత దూరుతుంది. ఖాళీ తరంగంలో సగం పొడవు కంటే బాగా చిన్నదైతేనే అది రేకుతో సమానం. మేస్త్రీలు పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య పగుళ్లు రాకుండా ప్లాస్టరింగ్ కింద పరిచే కోళ్ల గూటి వల ఉంది చూశారా, చికెన్ మెష్, దాని కళ్లు అర అంగుళం, ముప్పావు అంగుళం. వైఫైకి అది రేకే. గోడలో ఒక పక్క బానే దాటి, పిల్లర్ పక్కన రెండడుగుల మేర మాత్రం అంకె ఢామ్మని పడిపోతుంటే లోపల పిల్లర్‌తో పాటు ఆ వల కూడా ఉందని అనుమానించండి.

కాగితం మీద గీత గీయండి

ఇంటి ప్లాను ఉంటే సరే, లేకపోతే లెక్కల నోటు పుస్తకంలో గడికి ఒక అడుగు చొప్పున వేసుకోండి. గోడలు గీసి, ప్రతి గోడ మీదా దాని ఖరీదు రాయండి. ఇప్పుడు రౌటర్ నుంచి మీరు కూర్చునే చోటికి స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత దాటే గోడల ఖరీదులన్నీ కూడి, ఆ దూరానికి రావలసిన అంకెలోంచి తీసేస్తే, ఆ గదిలో సిగ్నల్ ఎంత రావాలో ముందే తెలిసిపోతుంది.

బాబాయ్ మంచం లెక్క ఇలా వచ్చింది. అటక నుంచి మంచానికి దాదాపు పన్నెండు మీటర్లు, కాబట్టి అడ్డం లేకపోతే మైనస్ 54. మధ్యలో తొమ్మిదంగుళాల గోడలు రెండు, పన్నెండు చొప్పున ఇరవై నాలుగు. మైనస్ 78 అయింది. అటక మీద బిందెల మధ్య ఉన్నప్పుడూ, దించి స్టూలు మీద పెట్టినప్పుడూ అంతే దూరంలో కొలిచి చూస్తే పది తేడా వచ్చింది. అదీ కలిపితే మైనస్ 88. ఆ గదిలో 5 గిగాహెర్ట్జ్ అసలు పట్టుకోకుండా, ఫోన్ 2.4 తోనే ఎందుకు వేలాడుతోందో అర్థమైంది.

గీత గోడను ఏటవాలుగా కోస్తోందేమో కూడా చూడండి. తొమ్మిదంగుళాల గోడను సూటిగా దాటితే తొమ్మిదే. నలభై ఐదు డిగ్రీల్లో కోస్తే లోపల నడిచే దారి పదమూడు అంగుళాల దాకా అవుతుంది. ఇంకా వాలిపోయి అరవై డిగ్రీలైతే పద్దెనిమిది, అంటే రెండు గోడలు దాటినట్టే. పైగా అలా వాలుగా తగిలినప్పుడు గోడ మీద నుంచే జారి వెనక్కి పోయేది కూడా ఎక్కువ. రౌటర్ ఇంటి మూలన ఉంటే ప్రతి గీతా వాలు గీతే. మూల వద్దనడానికి అసలు కారణం ఇదే. సిగ్నల్ సగం వీధిలోకి పోవడం ఆ తర్వాతి సంగతి.

ఇనుము ఎక్కడుందో వెతకండి

ఇటుకా కాంక్రీటూ సిగ్నల్‌ని తింటాయి. లోహం తినదు, తిప్పికొడుతుంది. దాని వెనక నీడ పడుతుంది. మందంతో పని లేదు, వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు కూడా చాలు. కాబట్టి ఇక్కడ కూడికలు పనిచేయవు, నీడ ఎటు పడుతోందో చూసుకోవాలి. లైటుకి బీరువా అడ్డం వస్తే నీడ ఎలా పడుతుందో ఊహించుకోండి, కాస్త మసక అంచులతో అలాగే పడుతుంది. బీరువా రౌటర్‌కి ఆనుకుని ఉంటే సగం గది నీడే. అదే బీరువా దూరంగా ఉంటే దాని వెనక కొద్ది మేరే.

బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అందరికీ తెలిసినవే. తెలియకుండా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. నిలువుటద్దం వెనక ఉండేది లోహపు పూత, డ్రెస్సింగ్ టేబుల్ వెనక గది అందుకే మసకబారుతుంది. గోడకి బిగించిన పెద్ద టీవీ వెనక రేకు ఉంటుంది, రౌటర్‌ని టీవీ వెనక దాచడం చాలా ఇళ్లలో చూస్తాను. మిద్దె మీద జింకు రేకుల షెడ్డు కింద కూర్చుంటే పై నుంచి గానీ పక్కింటి మేడ నుంచి గానీ ఏమీ రాదు.

దోమల తలుపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నైలాన్, ఫైబర్ జాలీ అయితే వైఫైకి అది లేనట్టే. స్టీలుదో అల్యూమినియందో అయితే కళ్లు మిల్లీమీటరు సందే కాబట్టి తలుపు నిండా రేకు బిగించినట్టు. బాబాయ్ వాళ్ల వెనక గుమ్మానికి స్టీలు జాలీ తలుపు ఉంది. చెక్క తలుపు తెరిచి జాలీ తలుపు మాత్రం వేసి పెరట్లో కొలిస్తే మైనస్ 79. జాలీ తలుపు కూడా తెరిస్తే మైనస్ 68. గాలి వస్తోంది, వెలుతురు వస్తోంది, వైఫై ఎందుకు రాదని పిన్ని నన్ను నిలదీసింది. కిటికీ గ్రిల్లు మాత్రం ఇంత చెడ్డది కాదు. చువ్వల మధ్య నాలుగైదు అంగుళాల సందు ఉంటే చాలా వరకు వెళ్లిపోతుంది.

అపార్ట్‌మెంట్ల వాళ్లకి ఇంకో మాట. కొత్త ఫ్లాట్లలో గుమ్మం వెనక గోడలో ఒక రేకు పెట్టె బిగించి, నెట్ వైర్లన్నీ అందులోకి తెస్తున్నారు. ఫైబర్ వచ్చేదీ అక్కడికే కాబట్టి రౌటర్‌ని కూడా అందులోనే పెట్టి, రేకు తలుపు మూసేస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. ఫైబర్ ముగిసే ఓఎన్‌టి పెట్టెను అందులో ఉంచొచ్చు, దానిలోని వైఫై ఆపేసి. వైఫై ఇచ్చే పెట్టె మాత్రం బయటికి రావాలి.

ఇప్పుడు చోటు ఎంచుకోండి

ఇంటికి నడిమధ్యన పెట్టమని అందరూ చెబుతారు. నేనైతే మధ్య కొలతలో కాదు, గోడల లెక్కలో చూడమంటాను. ఏ గదికైనా మధ్యలో ఒక్క గోడ కంటే ఎక్కువ రాని చోటే మీకు కావలసింది. వరసగా మూడు గదులుంటే రౌటర్ నడి గదిలో ఉండాలి. అప్పుడు హాలుకి ఒక గోడ, వెనక గదికి ఒక గోడ. ముందున్న లెక్కలో హాలుకి సున్నా, నడి గదికి ఒకటి, వెనక గదికి రెండు. రెండు గోడల బాధ పడేవాడు ఎవడూ ఉండకూడదు.

"హాల్లో టీవీ ఉంది కదరా" అన్నాడు బాబాయ్. టీవీ ఎక్కడికీ నడవదు. రౌటర్ నుంచి దానికి ఒక లాన్ వైరు ఇస్తే వైఫై భారమూ తగ్గుతుంది. మాకు ఆ అవసరం రాలేదు, ఒక్క గోడ దాటి వచ్చే సిగ్నల్ టీవీకి చాలు.

నడి గదిలో కూడా ఎక్కడ అన్నది తేలాలి. వెనక గోడకి ఆనించి బీరువా ఉంది, దాన్ని కదిలించడానికి పిన్ని ఒప్పుకోలేదు. మంచం నుంచి బీరువా అంచు మీదుగా కాగితం మీద గీత గీసి, ఆ నీడలో పడని గోడ ముక్క చూసుకున్నాం. అక్కడ నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తులో చెక్క పలక కొట్టి రౌటర్‌ని దాని మీద పెట్టాం. అంత ఎత్తయితే కుర్చీలూ మంచాలూ మనుషులూ చాలా వరకు దారికి అడ్డం రారు. ఇంకా పైకి, అటక మీదకో సజ్జ మీదకో పెడితే దాని కింద ఉన్నవాళ్లకి మధ్యలో ఒక కాంక్రీటు పలక వస్తుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. మీరు ఎక్కువగా కూర్చునే చోట నుంచి రౌటర్ కంటికి కనిపిస్తే మంచిది, కనిపించకపోతే కనీసం మధ్యలో ఉన్నది ఇటుకో చెక్కో అయి ఉండాలి.

వైరు మీరే పట్టుకుని లాగొద్దు. ఫైబర్ లోపల ఉన్నది గాజు, గట్టిగా మడిస్తే వెలుగు కారిపోతుంది, రౌటర్ మీద LOS అని ఎర్ర దీపం వెలుగుతుంది. ఓఎన్‌టి ఉన్న చోటే ఉంచి, అక్కణ్ణుంచి క్యాట్ 6 లాన్ వైరుతో రౌటర్‌ని కావలసిన చోటికి తెచ్చుకోవడం సులువు. రెండూ ఒకే పెట్టె అయితే ఫైబర్ జరపమని నెట్ వాళ్లని అడగండి. మాకు అదే చేశారు.

స్లాబుతో పోట్లాడొద్దు

నడి గదిలో రౌటర్‌కి సరిగ్గా పైన డాబా మీద నిలబడి కొలిస్తే మైనస్ 70 వచ్చింది. అదే మూడు మీటర్లు గదిలో మైనస్ 42. అంటే ఇరవై ఎనిమిది పోయాయి. ఇందులో కొంత మాత్రం స్లాబు తప్పు కాదు. పుల్లలా ఉండే యాంటెనా సిగ్నల్‌ని చుట్టూ పంచుతుంది, తన కొన వైపు, అంటే నెత్తి మీదకి, చాలా తక్కువ పంపుతుంది. ఒక యాంటెనాని అడ్డంగా పడుకోబెడితే పైన మైనస్ 65 అయింది. మిగిలిన ఇరవై మూడు స్లాబుదే. రెండంతస్తుల ఇల్లైతే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టడం ఖర్చు లేని పని, చేసి చూడండి.

కానీ మేడగది ఉన్నది హాలు మీద. అక్కడికి గీత స్లాబును వాలుగా కోస్తూ, గోడలో కూడా కొంత దాటి పోవాలి. కొలిస్తే మైనస్ 83. యాంటెనాలు ఎటు తిప్పినా ఇది బాగుపడదు. స్లాబుని సిగ్నల్‌తో దాటించాలని చూడకండి, వైరుతో దాటించండి.

ఆ వైరుకి దారి చాలా ఇళ్లలో ఇప్పటికే ఉంటుంది. డిష్ కోసమో కేబుల్ టీవీ కోసమో గోడలో వేసిన పీవీసీ పైపు. ఇప్పుడు అందులో వాడని పాత వైరు ఉంటే, దాని కొనకి క్యాట్ 6 వైరుని టేపుతో గట్టిగా చుట్టి, ఒకరు పైన లాగుతూ ఒకరు కింద వదులుతూ ఉంటే కొత్తది ఎక్కి వస్తుంది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం లాన్ వైరు వేయొద్దు. వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి, చవకగా వచ్చే సీసీఏ వైరు లోపల రాగి పూత పూసిన అల్యూమినియం. వంద మీటర్ల దాకా ఈ వైరులో వేగం తగ్గదు, మన ఇళ్లకి పాతిక మీటర్లు మించదు.

పైన పెట్టడానికి కొత్తది అక్కర్లేదు, మూలన పడున్న పాత రౌటర్ చాలు. దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే దాని అడ్రసుని `192.168.1.2` లాంటిదానికి మార్చి, `DHCP` ఆపేసి, కింది నుంచి వచ్చిన వైరుని WAN అని రాసిన బెజ్జంలో కాకుండా LAN అని రాసినదాంట్లో గుచ్చండి. ఆపకపోతే రెండు రౌటర్లూ ఫోన్లకి అడ్రసులు పంచడం మొదలుపెడతాయి, ఒక ఫోన్‌కి నెట్ వస్తుంది, ఇంకోదానికి రాదు, కారణం అంతుపట్టదు. వైఫై పేరూ పాస్‌వర్డూ కింద ఉన్నవే పెట్టండి. 2.4 లో కింద ఛానెల్ 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి.

వైరు లాగడం బొత్తిగా కుదరకపోతేనే, సిగ్నల్‌ని పట్టుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్. దాన్ని కొనేవాళ్లలో నూటికి తొంభై మంది సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. రానిదాన్ని అది ఎక్కణ్ణుంచి తెచ్చి పెంచుతుంది? ఇంకా మైనస్ 60, 65 వస్తున్న చోట, గోడకి ఇవతలే, గుమ్మానికి ఎదురుగా పెట్టాలి. మెట్ల దారి తెరిచి ఉన్న డూప్లెక్స్ ఇళ్లలో మెట్ల మలుపు దానికి మంచి చోటు, స్లాబులో అదొక్కటే పెద్ద కన్నం. వినడానికీ మాట్లాడటానికీ ఒకటే బ్యాండ్ వాడే రకమైతే వేగం దాదాపు సగమవుతుందని ముందే తెలుసుకుని కొనండి.

ఇల్లంతా కాంక్రీటే అయితే

హైదరాబాద్‌లో ఎత్తయిన టవర్లలో ఇప్పుడు అల్యూమినియం షట్టరింగ్‌తో, అందరూ మివాన్ అనే పద్ధతిలో, గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. అలాంటి ఫ్లాట్‌లో పడకగదికీ హాలుకీ మధ్య గోడ కూడా ఒక స్లాబుతో సమానం. ఇటుక ఇంటి లెక్క ఇక్కడ నడవదు. ఒక్క గోడ దాటడానికే ఇరవై పోతే రెండో గది ఆశ వదులుకోవాలి. ఇక్కడ సిగ్నల్ గుమ్మాల గుండానే నడుస్తుంది కాబట్టి, రౌటర్‌ని గదుల తలుపులన్నీ తెరుచుకునే నడవలో పెడితే చెక్క తలుపుల్లోంచి గదుల్లోకి వెళుతుంది. పని చేసుకునే గదికి మాత్రం లాన్ పాయింట్ కావాలి. గోడ పోసేశాక కన్నం వేయనివ్వరు, కాబట్టి ఫ్లాట్ చేతికివ్వకముందే ప్రతి గదికీ లాన్ పైపు, వైరు ఉన్నాయా అని బిల్డర్ మనిషిని అడిగి, పెట్టె తెరిపించి చూడండి. పాయింటు ప్లేటు బిగించి లోపల వైరు లేని ఫ్లాట్లు నేను చూశాను.

మళ్లీ కొలవండి

అంతా పెట్టాక తలుపులన్నీ మూసి, రాత్రి అందరూ ఇంట్లో ఉన్నప్పుడు అవే చోట్ల నిలబడి మళ్లీ కొలవండి. కాగితం మీద వేసిన లెక్కకీ కొలతకీ ఐదారు తేడా ఉంటే ఫరవాలేదు. పది దాటి తక్కువొస్తే దారిలో మీరు చూడని లోహం ఏదో ఉంది, వెతకండి.

బాబాయ్ మంచం దగ్గర లెక్క ప్రకారం మైనస్ 60 రావాలి, 63 వచ్చింది. హాల్లో 58, మేడగదిలో 47. ముప్పై పింగ్‌లలో ఒక్కటీ తప్పిపోలేదు. వంటింట్లో ఒక్క మూల మాత్రం ఫ్రిజ్ నీడలో మైనస్ 74 దగ్గరే ఉండిపోయింది. ఫ్రిజ్ జరపాలంటే పాయింటు మార్చాలి. పిన్ని అక్కడ ఫోన్లో పాటలే వింటుంది, అవి ఆ అంకెకీ వస్తున్నాయి, అలాగే వదిలేశాం.